పాత బ్రోచర్ మీద కొత్త లోగో: నా అనుభవం

మాది చిన్న డీటీపీ షాపు. పంపుసెట్లు తయారుచేసే ఒక పెద్దాయన మూడు మడతల బ్రోచర్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. "తమ్ముడూ, కంపెనీ లోగో మారింది. మిగతాదంతా ఇలాగే ఉండాలి, ఐదువందల కాపీలు కావాలి" అన్నారు. అసలు ఫైలు ఎవరి దగ్గరా లేదు. డిజైన్ చేసిన షాపు ఎప్పుడో మూతపడింది. చేతిలో ఉన్నది ఆ ఒక్క కాగితమే.

600 డీపీఐలో స్కాన్ చేశాను. కాగితం పలచన, వెనకవైపు అచ్చు ముందుకి కనిపిస్తోంది. అందుకని పైన ఒక నల్ల చార్టు పెట్టి మళ్లీ స్కాన్ చేస్తే ఆ నీడలు పోయాయి. స్కానర్‌లో Descreen ఆన్ చేసుకున్నాను. లేకపోతే అచ్చులోని సన్నటి చుక్కలు గళ్లగళ్లుగా తేలతాయి.

అసలు సమస్య లోగో పెట్టాక మొదలైంది. పాతదాన్ని చెరిపి కొత్తది సరిగ్గా అదే చోట పెట్టినా ఎందుకో వంకరగా కనిపిస్తోంది. వంకర లోగోది కాదు, స్కాన్‌ది. ముందే కాగితం అంచు చూసి 0.2 డిగ్రీలు తిప్పాను, అక్కడే పొరపాటు జరిగింది. ప్రెస్‌లో కాగితాన్ని అచ్చు అయ్యాక కోస్తారు కాబట్టి కోత అచ్చుకు సమాంతరంగా ఉంటుందన్న గ్యారంటీ లేదు. తిప్పకముందున్న స్కాన్‌ని మళ్లీ తెరిచి, ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో Measure టూల్ తీసుకుని, లోగో కింద ఉన్న నీలం గీత ఈ చివర నుంచి ఆ చివరకు లాగాను. 0.6 డిగ్రీలు చూపించింది. ఏ4 పేజీ వెడల్పంతా చూస్తే అది రెండు మిల్లీమీటర్ల పైమాటే. 42 మిల్లీమీటర్ల లోగోకి అర మిల్లీమీటరు కూడా రాదు, కానీ పక్కనే తిన్నని గీత ఉంటే కన్ను ఇట్టే పట్టేస్తుంది. Straighten నొక్కి ఒక్కసారే తిప్పాను. తిప్పినదాన్నే మళ్లీ మళ్లీ తిప్పితే అక్షరాల అంచులు మసకబారతాయి.

లోగో వెనక లేత పసుపు పట్టీ ఉంది. ఒకే రంగు పోసి కప్పితే అతుకు వేసినట్టు తెలిసిపోయింది. అదే పట్టీలో ఖాళీగా ఉన్న పక్కభాగం నుంచి Clone టూల్‌తో తెచ్చి నింపితే కాగితపు గరుకు కూడా కలిసిపోయింది.

కొత్త లోగో వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ, పెద్దది చేస్తే పగిలిపోతోంది. వాళ్ల డిజైనర్‌ని అడిగి, ఎంత పెద్దది చేసినా పగలని ఎస్‌వీజీ ఫైలు తెప్పించుకున్నాను. పాతది అడ్డంగా 42 మిల్లీమీటర్లు, ఎత్తు 14. కొత్తది దాదాపు చతురస్రం, గుండ్రటి చిహ్నం కింద పేరు. "వెడల్పు అంతే ఉంచు తమ్ముడూ" అన్నారు పెద్దాయన. అలా చేస్తే పైనున్న శీర్షిక మీదకి ఎక్కుతుంది. ఎత్తు 14కి కుదిస్తే పేరు చదవలేం. అప్పుడు ఆలోచించాను: పాత లోగో ఎడమ అంచు కింది ఫోన్ నంబర్ల వరుస మొదటి అంకెతో, అడుగు అంచు పక్కనున్న చిరునామా అక్షరాల అడుగుతో కలిసి ఉన్నాయి. ఆ రెండు అంచులూ కదలకూడదు, పెరిగితే పైకి, తగ్గితే కుడివైపు నుంచే. అక్కడ రెండు గైడ్ గీతలు పెట్టి, ఎత్తు 18 మిల్లీమీటర్లకు, అంటే 425 పిక్సెళ్లకు కుదిర్చాను. పైన ఇంకా ఖాళీ మిగిలింది.

అయినా లోగో గీతకి కాస్త లోపలికి జరిగినట్టుంది. చూస్తే ఫైలులోనే చుట్టూ కనిపించని ఖాళీ ఉంది. Layer మెనూలో Crop to Content కొడితే అది పోయింది. గుండ్రటి అంచు మాత్రం గీతని ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది కాబట్టి ఇంకా లోపలే ఉన్నట్టు అనిపించింది. నాలుగు పిక్సెళ్లు ఎడమకి బయటకు జరిపాక కుదిరింది. కొలతకి తప్పు, కంటికి ఒప్పు. నేను కన్నునే నమ్మాను.

లేయర్ మోడ్ Multiply చేస్తే పట్టీ పసుపు లోగో మీదకి దిగి, అచ్చయిన సిరాలా కనిపించింది. చుట్టూ ఉన్న స్కాన్ అక్షరాలకన్నా లోగో అంచులు మరీ పదునుగా ఉన్నాయని 0.8 పిక్సెల్ Gaussian Blur ఇచ్చాను.

ప్రూఫ్ తీసి, పాత బ్రోచర్ మీద పెట్టి ట్యూబ్‌లైట్‌కి ఎత్తి చూశాను. మడత దగ్గర కలిసింది, కుడివైపుకి పోయేకొద్దీ జరిగిపోతోంది. గుండె జారింది. ఫైలులో ఏ లోపమూ లేదు, ప్రింటర్ సెట్టింగ్‌లో పేజీకి సరిపడేలా కుదించే ఆప్షన్ ఆన్‌లో ఉంది. స్కేల్ 100 శాతానికి మార్చి మళ్లీ తీశాను. ఈసారి నీలం గీత మీద నీలం గీత, ఫోన్ నంబర్ మీద ఫోన్ నంబర్ సరిగ్గా కూర్చున్నాయి. పెద్దాయన రెండు కాగితాలూ వెలుగుకి పట్టుకుని చాలాసేపు చూసి, వెనక్కి తిప్పి, అట్ట మూలనున్న చిన్న నలుపు లోగో మీద వేలు పెట్టారు. "ఇది కూడా మార్చాలిగా?" దానికి ఒకే రంగు లోగో కావాలని డిజైనర్‌కి మళ్లీ ఫోన్ చేశాను.