మూడు బోర్డు డిజైన్లు, ఒకే ఫొటో

మా పుస్తకాల షాపు బోర్డు కోసం డిజైనర్ మూడు నమూనాలు పంపారు. మొదటిది ఎరుపు మీద పసుపు అక్షరాలు, చుట్టూ పెన్నులు, పుస్తకాల బొమ్మలు. రెండోది తెలుపు మీద ముదురు నీలం అక్షరాలు, బొమ్మలేమీ లేవు. మూడోది నలుపు మీద ఎరుపు, అక్షరాల వెనక నీడ. ఫోన్‌లో చూసిన ఇంట్లోవాళ్లంతా మొదటిదే బాగుందన్నారు. కానీ ఫోన్‌లో బోర్డు ఒక్కటే తెర నిండా కనిపిస్తుంది. రోడ్డు అవతల ఉన్న మనిషికి అది నాలుగైదు బోర్డుల మధ్య ఒకటి. అందుకే మూడింటినీ షాపు ఫొటోలోనే అతికించి పోల్చి చూడాలనుకున్నాను.

రోడ్డు అవతల, షాపుకి 60 అడుగుల దూరంలో సరిగ్గా ఎదురుగా నిలబడి ఫొటో తీశాను. రెండు వైపులా పక్క షాపులు కూడా వచ్చేలా చూసుకున్నాను. వైడ్ లెన్స్ అంచుల దగ్గర ఆకారాలను సాగదీస్తుంది కాబట్టి దాన్ని వాడలేదు. తర్వాత కొలత. షట్టర్ వెడల్పు టేపుతో కొలిస్తే 10 అడుగులు. ఫొటోలో అది 1000 పిక్సెళ్లు వచ్చింది. అంటే అడుగుకి 100 పిక్సెళ్లు. 12 అడుగుల బోర్డుని 1200 పిక్సెళ్ల వెడల్పుతో అతికించాను. బోర్డు, షట్టర్ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి ఈ లెక్క సరిపోయింది. బోర్డు బాగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటే సరిపోదు.

ఫొటోని ఏ సైజులో చూస్తామన్నది కూడా ముఖ్యమే. 60 అడుగుల దూరంలో 12 అడుగుల బోర్డు అంటే, వెడల్పు దూరంలో ఐదో వంతు. కాబట్టి తెరకి రెండడుగుల దూరంలో కూర్చుని, బోర్డు ఐదు అంగుళాల కంటే కాస్త తక్కువ వెడల్పులో కనిపించేలా జూమ్ సరిచేశాను. రోడ్డు మీద కంటికి అది అంతే కనిపిస్తుంది.

అలా చూడగానే మొదటి డిజైన్ సంగతి తేలిపోయింది. పక్క షాపుల బోర్డులు రెండూ ఎరుపు, పసుపుల్లోనే ఉన్నాయి. మాదీ వాటిలో కలిసిపోయి, మూడూ ఒకే పొడవాటి పట్టీలా కనిపించాయి. తెల్ల బోర్డు మాత్రం వాటి మధ్య ఖాళీ చోటులా నిలబడి, చూపు నేరుగా అక్కడికే వెళ్లింది. ఏ రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో పక్కనున్న రంగులే తేలుస్తాయి. ఒంటరిగా చూసి చెప్పలేం.

తర్వాత ఫొటోని నలుపు తెలుపులోకి మార్చాను. మూడోదాంట్లో ఎరుపు అక్షరాలు వెనకున్న నలుపులో దాదాపు మాయమయ్యాయి. రంగు తీసేశాక అక్షరానికీ దాని వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా మిగలకపోతే దూరం నుంచి చదవడం కష్టం. దాన్ని అక్కడే పక్కన పెట్టేశాను.

ఇక మిగిలింది రెండోది. అందులోనూ ఒక ఇబ్బంది ఉంది, అది మన లిపితో వచ్చేది. హాయిగా చదవాలంటే ప్రతి 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం కావాలని బోర్డులు చేసేవాళ్లు లెక్క వేస్తారు. 60 అడుగులకి 6 అంగుళాలు. మా బోర్డులో పేరు రాసిన వరస ఎత్తు 10 అంగుళాలు, చాలనుకుంటాం. కానీ 'పుస్తకాలు' అన్న మాటలో స్త కింద వత్తు ఉంది. పైన తలకట్టుకీ కింద వత్తుకీ చోటు పోగా అసలు అక్షరానికి 4 అంగుళాలే మిగిలింది. ఫొటోలో ఆ వత్తు చిన్న మరకలా కనిపించింది. మన అక్షరాలకి కొలవాల్సింది వరస ఎత్తు కాదు, మధ్యలో ఉన్న అక్షరం ఒంటి ఎత్తు. ఇంగ్లీషు బోర్డుల లెక్కని అలాగే వాడితే మనకి చాలదు.

డిజైనర్‌తో మాట్లాడి కింద ఉన్న ఫోన్ నంబరు, సరుకుల జాబితా తీయించాను. "ఖాళీగా ఉంటుందేమో అండీ" అని ఆయన సందేహించారు. నంబరుని షట్టర్ పక్క గోడకి మార్చి, వరసని 15 అంగుళాలకి పెంచితే అక్షరం ఒళ్లు 6 అంగుళాలు వచ్చింది. వత్తుకీ అక్షరానికీ మధ్య సందు కూడా కాస్త పెంచారు. షాపు పేరు తెలియని ఇద్దరు ముగ్గురికి కొత్త ఫొటోని రెండేసి సెకన్లు చూపించి, ఏం రాసుందని అడిగాను. అందరూ తడుముకోకుండా చదివారు. పాతదాంట్లో 'పుస్తకాలు' దగ్గర ఆగారు.

ఆర్డర్ ఇచ్చే ముందు 'స్త' ఒక్కటే అసలు సైజులో రెండు రకాల షీట్ల మీద ప్రింటు తీసి, షట్టర్ పైన కట్టి, ఎండ నేరుగా పడే సమయంలో ఫొటో తీశాను. మెరిసే షీటు మీద ఎండ తళుక్కుమని వత్తు కనిపించలేదు, మెరుపు లేని మ్యాట్ షీటు మీద స్పష్టంగా ఉంది. మ్యాట్ షీటుకే ఆర్డర్ ఇచ్చాను.