గడియారం ముళ్లు రోజుకు 24 సార్లు కాదు, 22 సార్లే ఎందుకు కలుస్తాయి?

గ్రూప్స్, ఎస్సై, రైల్వే, ఎస్ఎస్‌సీ ఏ పరీక్షకు చదువుతున్నా రీజనింగ్‌లో గడియారాల చాప్టర్ తగులుతుంది. అందులో అందరికీ కంఠతా వచ్చే జవాబు ఒకటుంది: గంటల ముల్లు, నిమిషాల ముల్లు రోజుకు 22 సార్లు ఏకీభవిస్తాయి. చిక్కేమిటంటే ప్రశ్న ఈ మాటల్లోనే వస్తే ఎవరైనా పెట్టేస్తారు. ‘ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఎన్నిసార్లు?’ అని కాస్త తిప్పి అడిగితే బట్టీ పట్టిన 22 ఎందుకూ పనికిరాదు. కాబట్టి ఆ 22 ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి కుదురుగా చూద్దాం.

ముందు గోడ గడియారం కిందకు దించండి. వెనక టైమ్ సరిచేసే చిన్న మర ఉంటుంది కదా, దాన్ని తిప్పి రెండు ముళ్లనూ 12 మీద పెట్టండి. ఇప్పుడు మెల్లగా ముందుకు తిప్పుతూ ముళ్లు కలిసినప్పుడల్లా ఒక గీత గీయండి. మొదటి కలయిక 1:05 దాటాక, రెండోది 2:10 దాటాక, మూడోది 3:16 దాటాక వస్తుంది. ఇలా తిప్పుకుంటూ 10:54 దాటాక పదోసారి కలుస్తాయి. ఇక 11 గంటల నుంచి చూడండి. నిమిషాల ముల్లు 11 దగ్గరకు వచ్చేసరికి గంటల ముల్లు 12కు అతి దగ్గరలో ఉంటుంది. రెండూ ఒకేసారి 12కు చేరుతాయి. అంటే 11కీ 12కీ మధ్య కలయిక లేదు, సరిగ్గా 12 గంటలకే ఉంది. గీతలు లెక్కపెడితే 11. గంటకు ఒకటి చొప్పున 12 అనుకున్న చోట ఒకటి తగ్గింది. గంటల ముల్లు రోజుకు రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి 22. ఆప్షన్లలో 24 ఎప్పుడూ ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇదే సంగతి అంకెల్లో ఇలా ఉంటుంది. నిమిషాల ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు, గంటల ముల్లు అర డిగ్రీ కదులుతాయి. ఒకదానికంటే ఇంకోటి నిమిషానికి 5.5 డిగ్రీలు ముందుకు పోతుంది. ఒకసారి కలిశాక మళ్లీ కలవాలంటే ఒక పూర్తి చుట్టు, అంటే 360 డిగ్రీలు ఎక్కువ నడవాలి. 360ని 5.5తో భాగిస్తే 720/11, అంటే 65 నిమిషాల మీద 5/11 నిమిషం. సెకన్లలో చెప్పాలంటే 65 నిమిషాల 27 సెకన్ల పైచిలుకు. 12 గంటల్లో ఉన్న 720 నిమిషాల్లో ఇలాంటి వ్యవధులు సరిగ్గా 11 పడతాయి. ఈ చాప్టర్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన సంఖ్య ఒక్కటే అయితే, నా ఓటు 22కి కాదు, 720/11కి.

‘4, 5 గంటల మధ్య ఎప్పుడు కలుస్తాయి?’ అనే రకం ప్రశ్నకు చాలామంది 4:20 పెట్టేస్తారు. 4:20కి గంటల ముల్లు 4 మీద ఉండదు, అప్పటికే 10 డిగ్రీలు జరిగిపోయి ఉంటుంది. ఆ 10 డిగ్రీలు అందుకోవడానికి ఇంకో 20/11 నిమిషాలు కావాలి. అంటే జవాబు 4 గంటల 21 9/11 నిమిషాలు. రఫ్ షీట్ మీద దీన్ని తేలిగ్గా చేయాలంటే గంటను 5తో గుణించి, వచ్చినదానికి దాని పదకొండో వంతు కలపండి. 7 గంటలైతే 35, దానికి 35/11 కలిపితే 38 2/11. ఇదే పద్ధతి 11 గంటలకు వేసి చూడండి: 55, దానికి 5 కలిపితే 60. పదకొండు గంటల అరవై నిమిషాలంటే పన్నెండే! గడియారం తిప్పి చూసిందే లెక్కలోనూ వచ్చింది.

ఇప్పుడు 8 నుంచి 2 వరకు అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆరు గంటలు కాబట్టి ఆరు అనేస్తే తప్పు. 22లో నాలుగో వంతు ఐదున్నర కదా అని ఆరుకు సవరించినా తప్పే. నిమిషాల భిన్నాలు వదిలేసి రాసుకుంటే 8:43, 9:49, 10:54, 12:00, 1:05. తర్వాతది 2:10 కాబట్టి అది బయటే. జవాబు 5. అదే ఆరు గంటలను ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు తీసుకుంటే 10:54, 12:00, 1:05, 2:10, 3:16, ఇవీ 5. కానీ ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు అడిగితే, 12 గంటల కలయికను కలిపితే 6, కలపకపోతే 5. ఇలాంటి చోట ‘మధ్య’ అన్నారా, ‘నుంచి వరకు’ అన్నారా అని ప్రశ్నను రెండోసారి చదవక తప్పదు. రోజు మొత్తానికీ ఇదే పేచీ. అర్ధరాత్రి 12 నుంచి మర్నాడు అర్ధరాత్రి 12 దాకా రెండు చివరలనూ లెక్కేస్తే 23 వస్తుంది. ఆ చివరి 12 మర్నాటి ఖాతాలోది, అందుకే రోజుకు 22 అంటాం.

ప్రశ్నలో ‘ఒకే సరళరేఖపై’ అని ఉంటే జవాబు 44. అందులో ఏకీభవించేవి 22, ఎదురెదురుగా ఉండేవి 22. ‘వ్యతిరేక దిశల్లో’ అని విడిగా అడిగితే మళ్లీ 22. ఈ మాటల తేడాలోనే మార్కులు ఎక్కువగా పోతాయి.

720/11 అసలు అక్కరకొచ్చేది తప్పుగా నడిచే గడియారాల్లో. ‘ఒక గడియారంలో ముళ్లు సరైన సమయం ప్రకారం ప్రతి 64 నిమిషాలకు ఒకసారి కలుస్తున్నాయి. అది రోజుకు ఎంత ముందుకు లేదా వెనక్కి పోతుంది?’ గడియారం ఎంత వేగంగా తిరిగినా, దాని డయల్ మీద రెండు కలయికల మధ్య కనిపించేది 65 5/11 నిమిషాలే. అంత సమయాన్ని ఇది 64 నిమిషాల్లోనే చూపించేస్తోంది, అంటే ముందుకు పోతోంది. తేడా 16/11 నిమిషాలు. 64 నిమిషాల్లో 16/11 అంటే నిమిషానికి 1/44. రోజులోని 1440 నిమిషాలను 44తో భాగిస్తే 32 8/11 నిమిషాలు ముందుకు. 64 బదులు 65 5/11 కన్నా ఎక్కువ సంఖ్య, ఉదాహరణకు 66 ఇస్తే గడియారం వెనకబడుతుంది.

ఈ లెక్కలో ‘రోజుకు 22’ అనే బట్టీయే మనల్ని ముంచుతుంది. 16/11ను 22తో గుణిస్తే సరిగ్గా 32 వస్తుంది, అది ఆప్షన్లలో ఉంటే చెయ్యి అటే పోతుంది. కానీ 22 అనేది సరిగ్గా నడిచే గడియారానికి. ఈ గడియారంలో ముళ్లు 64 నిమిషాలకోసారి కలుస్తున్నాయి కాబట్టి రోజుకు 1440/64, అంటే ఇరవై రెండున్నర వ్యవధులు. 16/11ను ఆ ఇరవై రెండున్నరతో గుణించి చూడండి, 32 8/11 వస్తుంది.