పాలు కట్టడం, మాస్టైటిస్, చీముగడ్డ... నాకు మూడూ వచ్చాయి

కాన్పయిన మూడో రోజు పాలు పడ్డాయి, తెల్లారేసరికి రెండు వైపులా రాయిలా బిగుసుకుపోయి చర్మం మెరుస్తోంది, పాప నోటికి అందట్లేదు. నర్సమ్మ చూసి ఇన్ఫెక్షన్ కాదమ్మా పాలు కట్టాయి, రెండు పక్కలా ఒకేలా ఉంది, జ్వరం కూడా లేదు కదా అంది. చనుమొన చుట్టూ నల్లటి చోట వేళ్లతో లోపలికి ఒక నిమిషం మెల్లగా నొక్కి పట్టమంది, వాపు వెనక్కి జరిగి అక్కడ మెత్తబడింది, కొంచెం పాలు చేత్తో తీసి పట్టిస్తే అప్పుడు పాప అందుకుంది. తాగాక చల్లటి బట్ట వేసుకోవడం, నొప్పికి పారాసిటమాల్, పాప అడిగినప్పుడల్లా పట్టడం, అంతే, తగ్గిపోయింది.

అసలు కష్టం తర్వాత వచ్చింది. ఎడమ వైపు మాత్రమే ఒక పక్కన ఎర్రబడి, ముట్టుకుంటే మంట, సాయంత్రానికి వణుకుతో 102 జ్వరం, ఒళ్లంతా నొప్పులు. ఇది మాస్టైటిస్. అమ్మ ఏమో కాపడం పెట్టి గట్టిగా పిసికితే కరుగుతుంది, ఆ పక్క పాలు పట్టకు అంది. డాక్టరమ్మ రెండూ వద్దంది. పిసికితే లోపల వాపు ఇంకా పెరుగుతుందట, పట్టడం మానేస్తే పాలు నిలిచిపోయి ముదురుతుందట, ఆ పాలు తాగితే పాపకి ఏమీ కాదట. పంపుతో అదే పనిగా ఖాళీ చేయొద్దని కూడా చెప్పింది, ఎంత తీస్తే అంత ఊరతాయి కదా. ఐస్, ఐబుప్రొఫెన్, సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ 500 రోజుకి నాలుగుసార్లు రాసి, రెండు రోజుల్లో తేడా కనిపించకపోతే వెంటనే రామ్మా అంది.

జ్వరం తగ్గింది గానీ ఒక చోట గడ్డ మాత్రం అలాగే ఉండిపోయింది. బిడ్డతల్లులు ఇది తప్పకుండా గమనించండి, పాలు నిలిచిన గడ్డయితే పాప తాగాక కాస్తయినా మెత్తబడుతుంది, నాది ఎంత తాగినా తగ్గలేదు, నొక్కితే ప్రాణం పోయేది. లోతుగా ఉంటే చీము పట్టిందో వట్టి వాపో చేత్తో చూసి చెప్పలేమని అల్ట్రాసౌండ్ చేయించారు, చీము పట్టిందని తేలింది. చీము ఉన్న చోటికి మందు సరిగా చేరదు, బయటికి తీయాల్సిందే అన్నారు. కోస్తారని ఏడ్చేశాను. కోయలేదు, ఆ చోటు మాత్రం మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్‌లో చూస్తూ లావు సూదితో లాగేశారు. పైచర్మం పల్చబడిపోయినా, గడ్డ బాగా పెద్దదైనా చిన్న కోత పెడతారంట. చీములో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్షకి పంపితే సెఫలెక్సిన్‌కి లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా రకం అని తేలింది, అందుకే మందు పూర్తిగా పనిచేయలేదు. క్లిండమైసిన్‌కి మార్చి, పాపకి విరేచనాలు అయితే చెప్పమన్నారు. కొన్ని రోజులకి మళ్లీ స్కాన్ చేసి మిగిలింది కూడా లాగారు.

సూది గుచ్చిన చోటు పాప నోటికి దూరమే కాబట్టి అదే వైపు పట్టిస్తూనే ఉన్నా. మందుల కోర్సు అయ్యాక స్కాన్‌లో చీము లేదు, చేతికి తగిలే కాస్త గట్టితనం ఇంకొన్ని వారాలకి పోయింది.