దాణా వాసన చూసి వదిలేసిన పూట

జూన్ 28న పోతుతో దాటించిన మేక. 150 రోజులు లెక్కేస్తే నవంబరు 25కి ఈనాలి. మూడో ఈత, 30 కిలోల బరువుండేది. పొట్ట రెండు వైపులా సమానంగా దిగబడింది కాబట్టి కవలలని ముందే అనుకున్నాం. నవంబరు మొదటి వారంలో మా లంకలో ముసురు పట్టి మూడు రోజులు వదల్లేదు. కొబ్బరి తోటలోకి మేకల్ని తోలలేక, పాకలోనే కట్టి వరిగడ్డి వేశాం. తప్పు అక్కడే జరిగింది, చూడి మేకలకి వచ్చే ప్రెగ్నెన్సీ టాక్సీమియా అనే జబ్బు పట్టుకుంది.

కడుపులో పిల్లలు పెరిగేదానిలో ముప్పాతిక వంతు దాకా ఆఖరి ఆరు వారాల్లోనే. వాటికి గ్లూకోజు కావాలి. పిల్లలు చోటంతా ఆక్రమించడంతో తల్లి పెద్ద పొట్టలో, అంటే మేత ముందు చేరి పులిసే అరలో, మేత పట్టదు. గడ్డి తింటే కడుపు నిండినట్టే ఉంటుంది, బలం మాత్రం రాదు. అప్పుడు తల్లి తన కొవ్వు కరిగిస్తుంది. ఆ కరిగింది లివరు మీద పడి, సగం సగం కాలి, కీటోన్లుగా రక్తంలో పేరుకుంటుంది. ఇక ఆకలి చస్తుంది. తినదు కాబట్టి ఇంకా కొవ్వు కరుగుతుంది. బక్క మేకకే వస్తుందనుకోవద్దు, బాగా కొవ్వెక్కిన దానికీ వస్తుంది.

ఎనిమిదో తారీకు పొద్దున దాణా పెడితే వాసన చూసి ముఖం తిప్పేసింది. అవిసె మండ వేస్తే నాలుగు ఆకులు కొరికింది. మిగతా వాటికి దూరంగా గోడవారన నిలబడింది, నెమరు లేదు. దాణా ముందు మానేసి ఆకు ఇంకా ముట్టడమే ఈ జబ్బు తొలి గుర్తు. మధ్యాహ్నానికి పళ్ళు నూరుతోంది. నోటి దగ్గర మురిగిన పండులాంటి తీపి వాసన. ఈ వాసన అందరి ముక్కుకీ అందదు, దాని మీదే ఆధారపడకండి. తర్వాత దశలో కళ్ళు తెరిచే ఉన్నా కనబడనట్టు గుంజలకి గుద్దుకోవడం, తల గోడకి ఆనించడం, చివరికి పడిపోవడం. పడ్డాక మందు పనిచేసే అవకాశం బాగా తగ్గిపోతుంది.

“బెల్లం నీళ్ళు పట్టవే అమ్మాయ్, నీరసం అంతే,” అన్నారు మావయ్యగారు. పట్టలేదు. నెమరేసే జీవికి బెల్లం నేరుగా రక్తంలోకి పోదు, పెద్ద పొట్టలోనే పులుస్తుంది. ఎక్కువైతే ఆ పులుపే ఇంకో జబ్బు.

డాక్టరుగారు సాయంత్రం వచ్చి ముందు మూత్రం అడిగారు. పడుకున్న మేకని మెల్లగా లేపితే సాధారణంగా పోస్తుంది. కీటోన్ పట్టీ ముంచి 15 సెకన్లు చూస్తే లేత రంగు ముదురు వంకాయ రంగయింది, అంటే కీటోన్లు బాగా ఎక్కువ. 25 శాతం డెక్స్‌ట్రోజు 100 మి.లీ. నరంలోకి నిదానంగా ఎక్కించారు. కాల్షియం బోరోగ్లూకోనేట్ 50 మి.లీ. గోరువెచ్చగా చేసి, చర్మం కింద రెండు మూడు చోట్ల ఇచ్చారు. ఈ జబ్బుతో పాటు కాల్షియం తగ్గడం మామూలేనట. కాల్షియం ఒక్కటే తగ్గిన మేకైతే గంటా రెండు గంటల్లో లేచి తిరుగుతుంది. మాది అలా లేవలేదు. బీ కాంప్లెక్సు కూడా ఇచ్చారు.

మిగతా పని ఇంట్లోది. ప్రొపిలీన్ గ్లైకాల్ 60 మి.లీ. పొద్దున, 60 సాయంత్రం, మూడు రోజులు. ఇది లివరులో గ్లూకోజుగా మారుతుంది. సూది తీసిన పెద్ద సిరంజితో దవడ మూల నుంచి కొంచెం కొంచెంగా పోయాలి. మూతి వీపు ఎత్తుకి మించి లేపితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. త్వరగా తగ్గాలని మోతాదు పెంచితే అదే విషమై మేక మత్తుగా తూలుతుంది.

మొదటి రెండు రోజులు దాణా పెట్టలేదు. పనస ఆకు, అవిసె, సుబాబుల్ గుప్పెడు గుప్పెడుగా గంటకోసారి. పదో తారీకు రాత్రి నెమరు వినిపించింది. పన్నెండుకి దాణా గిన్నె నాకింది. తినకుండానే ఉంటే, పిల్లల్ని ముందుగా ఈనించే ఇంజెక్షనో, ఆపరేషనో డాక్టరే తేల్చాలి. 140 రోజులు దాటితే పిల్లలు బతికే ఆశ ఎక్కువ. మాకు ఆ అవసరం రాలేదు, 24న రెండు పిల్లలు.

పాకలో ఇంకో చూడి మేక ఉంది. దానికి దాటించిన 105వ రోజు నుంచే దాణా మొదలుపెట్టాం: మొక్కజొన్న నూక రెండు పాళ్ళు, తవుడు ఒకటి, వేరుశనగ చెక్క ఒకటి, చిటికెడు ఉప్పు, ఖనిజాల పొడి. మొదట రోజుకి 100 గ్రాములు, అయిదు రోజులకోసారి 50 పెంచుతూ 300 దాకా, రెండు పూటలుగా. ఒక్కసారిగా పెంచితే కడుపు పులుస్తుంది. గొర్రెలకీ ఇదే లెక్క, కాకపోతే మందలో వెనకబడ్డ గొర్రె సాయంత్రం దాకా కంటపడదు. వాటికి మూత్రం కావాలంటే ముక్కు రంధ్రాలు కొద్ది సెకన్లు మూస్తే పోస్తాయి. మళ్ళీ ముసురు పట్టినా ఆగకుండా, మూడు రోజులకి సరిపడా దాణా, ఎండబెట్టిన సుబాబుల్ ఆకు అటక మీద ఉంచాం.