మేనరికం రెండు గీతలు

పోయిన శనివారం మా అమ్మాయి బయాలజీ హోంవర్క్ కోసం వంశవృక్షం గీసింది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, లక్షణం ఉన్నవాళ్లకు లోపల నలుపు. లక్షణం ఏంటంటే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం. దేవరకొండ దగ్గర మా ఊళ్లో మా బాపు మిరపచేన్లో పండు కాయేదో పచ్చి కాయేదో రంగు చూసి చెప్పలేడు, చేత్తో ఒత్తి చూసి తెంపేవాడు. మా అన్నకూ అంతే, మా మేనమామకూ అంతే. ఇక్కడ పుట్టిన మా చిన్నోడికీ కంటి డాక్టర్ చుక్కల పుస్తకం చూపించి అదే చెప్పాడు.

"తాతకుంది, మామకుంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది కదమ్మా, అంటే ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీదది కాదు, ఒక్కరి నుంచి వచ్చినా బయటపడే బహిర్గత లక్షణం" అంది. తండ్రి కొడుక్కి వై ఇస్తాడు, ఎక్స్ ఇవ్వడు, కాబట్టి ఆ ఆలోచనలో తప్పు లేదు. తప్పు గీతలో ఉంది. అమ్మ, బాపు మధ్య ఒక్క గీతే గీసింది. రెండు గీయాలి, దగ్గరి చుట్టాలు పెళ్లి చేసుకుంటే అదే గుర్తు. బాపు చేసుకున్నది సొంత అక్క బిడ్డను. ఆ మాట చెబితే మా అమ్మాయి పెన్సిల్ పక్కన పెట్టేసింది. మన దగ్గర అట్ల చేసుకునేటోళ్లని, ఇందులో దాచాల్సిందేం లేదని చెప్పి, ఊరికి వీడియో కాల్ చేసి అమ్మతోనే అడిగించాను.

తర్వాత మళ్లీ మొదట్నుంచి చూశాం. మేనమామకు ఉంది, కానీ వాళ్ల అమ్మానాన్నలకు, అంటే మా అమ్మమ్మ తాతలకు లేదు. బహిర్గతమైతే ఇద్దరిలో ఒక్కరికైనా కనిపించాలి, కాబట్టి ఇది లోపల దాగి ఉండగలిగే అంతర్గత లక్షణం. ఎక్స్ మీదదే అనుకుంటే, బాపుకు ఆ ఎక్స్ వచ్చింది నాయినమ్మ నుంచి. అదే నాయినమ్మ నుంచి అమ్మమ్మకు, ఆమె నుంచి అమ్మకు. అన్నకు వచ్చింది బాపుది కాదు, అమ్మది! మేనరికంలో ఒకే ఎక్స్ రెండు దారుల్లో వచ్చి, తండ్రే ఇచ్చినట్టు కనబడుతుంది.

ఇంతవరకే అయితే మామూలు క్రోమోజోమ్ మీది అంతర్గత లక్షణమన్నా సరిపోతుంది, ఎందుకంటే చుట్టరికంలో ఇద్దరూ క్యారియర్లు, అంటే పైకి కనబడకుండా మోసేవాళ్లు కావచ్చు. తేడా తెలిసేది మా చిన్నోడి దగ్గర. మా ఆయనది మాకు ఏ చుట్టరికం లేని కుటుంబం, ఆయనకు రంగులన్నీ తెలుస్తాయి. మామూలు క్రోమోజోమ్ అయితే ఆయనా క్యారియర్ కావాలి, ఎక్స్ అయితే మగపిల్లాడికి ఉండేది అమ్మ ఇచ్చిన ఒక్కటే కాబట్టి నేనొక్కదాన్నే చాలు. నలుపు నిండిన నాలుగూ చతురస్రాలే కావడం కూడా అటే మొగ్గుతోంది. ఇంత చిన్న పటంతో ఖాయంగా చెప్పలేం, కానీ ఎరుపు, ఆకుపచ్చ రంగులను పట్టే జన్యువులు ఎక్స్ మీదే ఉన్నాయని ముందే తెలిసిన సంగతి.

బాపుకున్నది ఒక్కటే ఎక్స్, అది నాకు రాక తప్పదు. అందుకని మా అమ్మాయి క్యారియర్ గుర్తుగా నా వృత్తం మధ్యలో చుక్క పెట్టింది. నా నుంచి తనకు ఆ ఎక్స్ వచ్చే అవకాశం సగం, అందుకే తన వృత్తం పక్కన ప్రశ్నార్థకం రాసుకుంది.