కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, హైపోథిసిస్ టెస్ట్: లెక్క వచ్చాక ఆ చివరి వాక్యం ఎలా రాయాలి?

ఐఎస్‌ఎస్‌కి చదివేవాళ్లకి ఇన్ఫరెన్స్‌లో లెక్క పెద్ద సమస్య కాదు. z కట్టడం, టేబుల్ చూడడం డిగ్రీ నుంచే చేతికి అలవాటైన పని. మార్కులు పోయేది "కింది వాక్యాల్లో ఏవి సరైనవి?" అని అడిగినప్పుడు. నాలుగు వాక్యాలూ చదవడానికి ఒకేలా ఉంటాయి. స్టాటిస్టిక్స్-2 ఆబ్జెక్టివ్ పేపరు కాబట్టి తప్పు టిక్కుకి ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత కూడా ఉంటుంది. ఎమ్మెస్సీ పరీక్షల్లో, యాక్చువరీ పేపర్లలో ఇదే గొడవ ఇంకో రూపంలో వస్తుంది. లెక్కంతా సరిగ్గా చేసి, చివర "కాబట్టి..." అని రాసే ఒక్క లైనులో పట్టుబడిపోతాం.

నా ప్రిపరేషన్‌లో ఈ టాపిక్‌కి పనికొచ్చింది కొత్త ప్రాబ్లమ్స్ చేయడం కాదు. ఒకే చిన్న ప్రాబ్లమ్ తీసుకుని, దాని జవాబు గురించి జనం రాసే వాక్యాలన్నీ నోట్సులో రాసుకుని, ఒక్కోదాన్నీ అంకెలతో తేల్చుకోవడం. ఆ ప్రాబ్లమ్ ఇదీ.

ఒక రైస్ మిల్లు 25 కిలోల బస్తాలు నింపుతోంది. బస్తా బరువుకి స్టాండర్డ్ డీవియేషన్ σ = 0.6 కిలో అని తెలుసనుకుందాం. యాదృచ్ఛికంగా 36 బస్తాలు తూచితే సగటు 24.85 వచ్చింది. స్టాండర్డ్ ఎర్రర్ 0.6/√36 = 0.1. అంటే 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 24.85 ± 0.196, సుమారుగా 24.65 నుంచి 25.05. H0: μ = 25, H1: μ ≠ 25 అని టెస్ట్ చేస్తే z = −1.5, పీ-వాల్యూ 0.134. 5% స్థాయిలో రిజెక్ట్ చేయలేం. లెక్క అయిపోయింది, ఇక వాక్యాలు.

మొదటిది: "95% బస్తాల బరువు 24.65కీ 25.05కీ మధ్య ఉంటుంది." ఇది తప్పని చాలామంది చెప్పగలరు, ఎంత తప్పో మాత్రం ఊహించరు. నిజంగా సగటు 24.85 అయి, బరువులు నార్మల్‌గా ఉన్నాయనుకోండి. ఆ ఇంటర్వల్ సగటుకి అటూ ఇటూ 0.196 కిలోలు, అంటే సిగ్మాలో దాదాపు మూడో వంతు. నార్మల్ టేబుల్ చూస్తే ఆ మధ్యలో పడే బస్తాలు సుమారు 26 శాతమే. 95% బస్తాలు పట్టాలంటే 23.67 నుంచి 26.03 దాకా వెళ్లాలి. ఇంటర్వల్ చెప్పేది మిల్లు సగటు గురించి, ఒక్కో బస్తా గురించి కాదు. అందుకే జవాబులో "మిల్లు నింపే అన్ని బస్తాల సగటు బరువు" అని పూర్తిగా రాయడం మంచిది. ఉత్త "బరువు" అని వదిలేస్తే దిద్దేవాళ్లకి మనం దేని గురించి మాట్లాడుతున్నామో తెలియదు. "శాంపిల్ సగటు" అని రాస్తే ఇంకా అన్యాయం. అది 24.85 అని మనకి తెలుసు, దానికి ఇంటర్వల్ ఎందుకు?

రెండోది ఇంకాస్త తెలివైన తప్పు: "మళ్లీ మళ్లీ శాంపిల్స్ తీస్తే 95% శాంపిల్ సగటులు ఈ ఇంటర్వల్‌లోనే పడతాయి." మళ్లీ మళ్లీ తీయడం అనే మాట ఉండేసరికి సరైనదిలా కనిపిస్తుంది. కానీ మన ఇంటర్వల్ మధ్యలో ఉన్నది 24.85, అసలు μ కాదు. కొత్త సగటులు చేరేది μ చుట్టూ. మొదటి సగటు కూడా యాదృచ్ఛికమే కనుక రెండింటి తేడాకి స్టాండర్డ్ ఎర్రర్ √2 రెట్లవుతుంది. ఆ లెక్కన కొత్త సగటు పాత ఇంటర్వల్‌లో పడే అవకాశం సగటున 83% దగ్గర ఆగుతుంది. మళ్లీ మళ్లీ తీసినప్పుడు 95% సార్లు జరిగేది వేరే సంగతి. ప్రతి శాంపిల్‌కీ ఓ కొత్త ఇంటర్వల్ వస్తుంది, వాటిలో దీర్ఘకాలంలో 95% అసలు μని పట్టుకుంటాయి. μ ఉన్నచోటే ఉంటుంది, కదిలేది ఇంటర్వల్.

మూడో వాక్యం దగ్గర మా స్టడీ గ్రూపులో ప్రతిసారీ పంచాయితీయే: "μ ఈ ఇంటర్వల్‌లో ఉండే సంభావ్యత 0.95."

"ఇందులో తప్పేముందన్నా? సూత్రంలోనే P అని ఉంది కదా, దాని పక్కన 0.95 కూడా ఉంది" అన్నాడు మాతో చదివే తమ్ముడు.

"ఆ సూత్రంలో ఏముందో చదువు."

"P(X̄ − 1.96σ/√n < μ < X̄ + 1.96σ/√n) = 0.95."

"అందులో యాదృచ్ఛికంగా మారేది ఏది?"

కాసేపు చూసి "X̄" అన్నాడు.

"నువ్వు X̄ తీసేసి 24.85 పెట్టాక?"

జవాబు వాడికే దొరికింది. టాస్ వేయకముందు బొమ్మ పడే అవకాశం సగం. నాణెం పడి అరచేతి కింద ఉన్నాక అది బొమ్మో బొరుసో ఏదో ఒకటి, మనకి కనిపించట్లేదంతే. అంకెలు పెట్టాక 24.65, 25.05, μ మూడూ స్థిరాలే. μ వాటి మధ్య ఉందో లేదో ఒక్కటే నిజం. 1930లలో నేమన్ ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు కూడా 95% అన్నది పద్ధతికి చెందిన గుణమే, చేతికొచ్చిన ఒక ఇంటర్వల్‌ది కాదు. అందుకే పరీక్షల్లో చెల్లే మాట "95% విశ్వాసంతో చెప్పవచ్చు". అలా అంటే ఏమిటో వివరించమంటే, ఈ పద్ధతితో కట్టే ఇంటర్వల్స్‌లో దీర్ఘకాలంలో 95% అసలు సగటుని కలిగి ఉంటాయని రాయాలి. ప్రశ్నలో ప్రయర్, పోస్టీరియర్ అనే మాటలుంటే మాత్రం ఆట వేరు. బేసియన్ ఇంటర్వల్‌కి "μ ఇందులో ఉండే సంభావ్యత 0.95" అన్నదే సరైన వాక్యం. ఆప్షన్లు చూసే ముందు ప్రశ్న ఏ గూటిదో చూడండి.

ఇక టెస్ట్ వైపు. "H0ని అంగీకరిస్తున్నాం, కాబట్టి సగటు బరువు 25 కిలోలే." మన పాత టెక్స్ట్ బుక్కుల్లో "అంగీకరించు" అన్న మాట విరివిగా ఉంటుంది కాబట్టి దాని కోసం తగువు పడను. ప్రశ్నపత్రమే అలా అంటే మీరూ అనండి. అసలు ప్రమాదం "కాబట్టి" తర్వాతి భాగంలో ఉంది. అదే 36 బస్తాలతో H0: μ = 24.7 అని టెస్ట్ చేసి చూడండి. z = +1.5, పీ-వాల్యూ మళ్లీ 0.134, మళ్లీ రిజెక్ట్ కాదు. అంటే ఒకే డేటాతో సగటు 25 అనీ, 24.7 అనీ రెండూ నిరూపించేశామా? రెండూ డేటాతో పొసగుతున్నాయి, అంతవరకే. నిజానికి 24.65 నుంచి 25.05 దాకా ఉన్న ఏ విలువని H0గా పెట్టినా ఇదే ఫలితం. 95% ఇంటర్వల్ అంటే 5% రెండువైపుల టెస్ట్ రిజెక్ట్ చేయలేని విలువల జాబితా అని చూడడం నాకు ఈ చాప్టర్‌లో అన్నింటికన్నా ఉపయోగపడింది.

ఇంకో లెక్క కూడా చేసి పెట్టుకోండి. మిల్లు నిజంగానే సగటున 200 గ్రాములు తక్కువ నింపుతోందనుకుందాం, μ = 24.8. అది 25కి సరిగ్గా రెండు స్టాండర్డ్ ఎర్రర్ల దూరం. మన టెస్ట్ దాన్ని పట్టుకునే అవకాశం, అంటే పవర్, సుమారు 0.52. దాదాపు సగం సార్లు మిల్లు తప్పించుకుంటుంది! అలాంటి టెస్ట్ రిజెక్ట్ చేయలేదని "తూకం సరిగ్గా ఉంది" అని సర్టిఫికెట్ ఎలా ఇస్తాం? అదే 24.85 సగటు 144 బస్తాల మీద వచ్చి ఉంటే z = −3, పీ-వాల్యూ 0.003, H0 రిజెక్ట్. లోటు మాత్రం అదే 150 గ్రాములు. కనుక చివరి లైను ఇలా ఉండాలి: "పీ-వాల్యూ 0.134, 0.05 కన్నా ఎక్కువ. కాబట్టి H0ని రిజెక్ట్ చేయలేం. మిల్లు నింపే బస్తాల సగటు బరువు 25 కిలోలకి భిన్నంగా ఉందనడానికి ఈ శాంపిల్‌లో చాలినంత ఆధారం లేదు." పోలిక, నిర్ణయం, సందర్భం మూడూ ఉన్నాయి. ఏది లేకపోయినా జవాబు సగంలో ఆగినట్టే.

పీ-వాల్యూ మీద వచ్చే తప్పు కూడా సంభావ్యతని తప్పుచోట తగిలించడమే. "H0 నిజమయ్యే సంభావ్యత 13.4%" అంటారు. ఆ 0.134 లెక్కగట్టిందే μ = 25 అని ముందే అనుకుని. నిజమని అనుకుని మొదలుపెట్టిన లెక్క అది ఎంతవరకు నిజమో చెప్పలేదు. సరైన వాక్యం కాస్త పొడుగ్గానే ఉంటుంది: "సగటు నిజంగా 25 కిలోలే అయితే, 36 బస్తాల శాంపిల్ సగటు 25 నుంచి 0.15 కిలోలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ, ఏ వైపుకైనా తొలగే సంభావ్యత 0.134." ఆప్షన్లలో "అయితే" భాగం లేని వాక్యాన్ని, "అంతకన్నా ఎక్కువ" భాగం లేని వాక్యాన్ని అనుమానించండి.

చివరిగా ఒకటి, ఇది బాగా చదివినవాళ్లనే పడగొడుతుంది. సగటు 24.85 కాక 24.82 వచ్చిందనుకోండి. 95% ఇంటర్వల్ 24.62 నుంచి 25.02, లోపల 25 ఉంది. "కాబట్టి 5% స్థాయిలో H0 రిజెక్ట్ కాదు" అని టిక్ పెట్టేస్తాం. కానీ ప్రశ్నలో H1: μ < 25 అని ఉంది. వినియోగదారుల తరఫున టెస్ట్ చేసేవాడికి తక్కువ తూకమే కావాలి కదా. z = −1.8, ఒకవైపు పీ-వాల్యూ 0.036, రిజెక్ట్ అవుతుంది. ఇంటర్వల్, టెస్ట్ కొట్టుకోలేదు, మనం కలపకూడని రెండింటిని కలిపాం. 95% రెండువైపుల ఇంటర్వల్‌కి జోడీ 5% రెండువైపుల టెస్ట్. 5% ఒకవైపు టెస్ట్‌కి చూడాల్సింది 90% ఇంటర్వల్: 24.82 ± 0.1645, అంటే 24.66 నుంచి 24.98. ఇక్కడ 25 బయటే ఉంది, పైగా ఇంటర్వల్ అంతా 25కి కిందే ఉంది కాబట్టి H1 దిశ కూడా సరిపోయింది. సగటు 25కి పైన వచ్చి ఉంటే, 25 ఇంటర్వల్ బయట ఉన్నా ఈ H1కి రిజెక్ట్ చేయడం కుదరదు.