తొమ్మిదో విడత: వెన్న సల్లలో ఎందుకు పోతోందో దొరికింది

నిన్న పొద్దున గిన్నె దించి తూకం వేస్తే వెన్న 351 గ్రాములు. మామూలుగా ఇంత తక్కువ వస్తే నాకు ఏడుపొచ్చేది, ఈసారి మాత్రం ఎగిరి గంతేశాను. ఎందుకంటే ఇది కావాలని చెడగొట్టిన విడత. అంతకుముందు వారం ఇదే మీగడ, ఇదే గిన్నె, ఇదే మోటారు కవ్వంతో 428 గ్రాములు తీశాను. మధ్యలో మార్చింది ఒక్కటే.

మొదటి నుంచీ చెప్తాను. పానగల్ నుంచి రోజూ రెండు లీటర్ల బర్రె పాలు వస్తాయి. కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి తీసిన మీగడ ఆరు రోజులకు 900 గ్రాములవుతుంది. జనవరిలో దీనికి ఎప్పుడు చిలికినా 420కి అటూ ఇటూ వెన్న వచ్చేది. మార్చి చివర నుంచి పడిపోవడం మొదలైంది. ఐదో విడతలో అయితే 312. వెన్న జిడ్డుగా, మెరుస్తూ, గరిటెకు గ్రీజులా అంటుకుంది. సల్ల మాత్రం పాలలా తెల్లగా, చిక్కగా ఉంది. గ్లాసు వంచితే గోడకు తెర కట్టి మెల్లగా జారింది. అసలైన సల్ల పల్చగా, కొంచెం నీలి ఛాయతో, గ్లాసుకు అంటకుండా జారిపోవాలి.

పోయిన వెన్న సల్లలోనే ఉందా అని ఆ సల్లను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మళ్లీ చిలికాను. ఇంకో 90 గ్రాములు తేలింది. అంటే పాలాయన తప్పేమీ లేదు. (ఆయనను అనుమానించి రెండు రోజులు ముభావంగా మాట్లాడాను, పాపం.) కొవ్వు మీగడలో ఉంది, నేనే దాన్ని గడ్డకట్టించలేకపోతున్నాను.

నా మొదటి అనుమానం ఎండ మీదే. ఏప్రిల్‌లో మా వంటింట్లో తెల్లవారుజామున కూడా 29 డిగ్రీలు. 12 డిగ్రీల దగ్గర మొదలుపెడితే దించేసరికి థర్మామీటరు 18.5 చూపించింది. చిలికే రాపిడికి కూడా వేడి పుడుతుంది, దానికి ఈ గది వేడి తోడు. అందుకే ఆరో విడతలో గిన్నెను ఐసు వేసిన టబ్బులో కూర్చోబెట్టి చిలికాను. 14 దాటలేదు. వెన్న 338. కొంచెం మెరుగే కానీ, జిడ్డు పోలేదు.

రెండో అనుమానం చివరి రోజు మీగడ మీద. ఐదు రోజుల మీగడకు తోడు పెట్టేసి, ఆరో రోజుది చిలికే ముందు పచ్చిగానే కలిపేదాన్ని. పులిసిన మీగడ త్వరగా విరుగుతుంది, పులియనిది ఆలస్యంగా విరుగుతుంది. రెండూ కలిపితే పులిసినదాని వెన్న తేలగానే మనం ఆపేస్తాం, పచ్చిదాని కొవ్వు సల్లలోనే ఉండిపోతుంది. ఏడో విడతలో ఆరు రోజులదీ కలిపేసి ఒకేసారి తోడు పెట్టాను. 364 వచ్చింది. ఇది నిజంగా పనికొచ్చిన మార్పే, ఇక మానను. కానీ ఇంకా అరవై గ్రాములు లెక్కకు రావడం లేదు.

ఇక్కడే జనవరికీ ఏప్రిల్‌కీ తేడా ఏమిటని కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. జనవరిలో రాత్రి తోడు పెట్టి, పొద్దున బడికి వెళ్తూ ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం వచ్చి చిలికేదాన్ని. ఎండాకాలం మొదలయ్యాక అత్తమ్మ ఒక మాట అంది: "పొద్దెక్కినంక చిలికితె ఎన్న యాడుంటది బిడ్డా, ఏళ్లకే అంటుకుంటది." నిజమే కదా అని తెల్లవారి ఐదింటికి చిలకడం మొదలుపెట్టాను. అంటే రాత్రి పులిసిన మీగడ పొద్దున 24 డిగ్రీల మీద ఉంటే, దాన్ని ఐసు నీళ్లలో పెట్టి తిప్పి తిప్పి నలభై నిమిషాల్లో 12కి దించి, వెంటనే కవ్వం వేసేదాన్ని.

తప్పంతా ఆ నలభై నిమిషాల్లో ఉంది. థర్మామీటరు 12 చూపించినంత మాత్రాన లోపలి కొవ్వు 12 డిగ్రీల కొవ్వులా ప్రవర్తించదు. మీగడలో కొవ్వు కంటికి కనపడని చిన్న చిన్న బొట్లుగా ఉంటుంది. బొట్టు చల్లబడినా దానిలో కొవ్వు గడ్డకట్టడానికి గంటల సమయం పడుతుంది. నెయ్యి సీసాను ఫ్రిజ్‌లో పెట్టి అరగంటకు తీసి చూడండి, పట్టుకుంటే చల్లగా ఉంటుంది, వంచితే ఇంకా కారుతుంది. మీగడలో ఇది ఇంకా ఆలస్యం, ఎందుకంటే ప్రతి బొట్టూ విడివిడిగా గడ్డకట్టాలి. చిలికేటప్పుడు బొట్టులో కొంత గట్టి రవ్వ, కొంత ద్రవం రెండూ ఉండాలి. రవ్వ ఒక బొట్టును ఇంకో బొట్టుకు గుచ్చుతుంది, ద్రవం వాటిని అతికిస్తుంది. రవ్వే లేకపోతే బొట్లు ఒకదానిలో ఒకటి కలిసి నూనెలా సాగుతాయి, చాలావరకు చితికి సల్లలోకి పోతాయి. పూర్తిగా గడ్డకట్టినా కష్టమే. ఫ్రిజ్‌లోంచి తీసి 5 డిగ్రీల దగ్గర చిలికితే అరగంట నురగే తప్ప వెన్న రాదు.

ఎనిమిదో విడత ఇలా చేశాను. మీగడ మొత్తానికి మూడు చెంచాల పుల్లటి గడ్డ పెరుగు కలిపి, కుండ చుట్టూ తడి గోనె కట్టి కూలరు ముందు పెట్టాను. మన దగ్గర గాలి పొడి కాబట్టి లోపల 24 దగ్గరే నిలిచింది. పదమూడు గంటలకు కమ్మటి పులుపు వచ్చింది. వంటింట్లో వదిలేస్తే ఐదారు గంటల్లో పులుస్తుంది కానీ ఉత్త పులుపే, వాసన ఉండదు. తర్వాత ఫ్రిజ్ కింది అరలో ఎనిమిది గంటలు. తీసినప్పుడు 6 డిగ్రీలు.

6 నుంచి 12కి ఎక్కించడంలో తొందరపడకూడదు. కుళాయి నీళ్లు ఇప్పుడు 32 ఉంటున్నాయి. ఆ నీళ్లలో గిన్నె పెడితే అంచుల దగ్గర కరిగి నూనె చుక్కలు తేలతాయి, నడుమ ఇంకా గడ్డగానే ఉంటుంది. కాస్త ఐసు వేసి నీళ్లను 18, 20 మధ్యకు తెచ్చి, అందులో గిన్నె పెట్టి అడుగు నుంచి కలుపుతూ ఉన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. మీగడ మరీ చిక్కగా ఉంటే కవ్వం అందులో గుంత చేసుకుని ఉత్తగా తిరుగుతుంది, అందుకని 12 డిగ్రీల నీళ్లే పావు లీటరు కలిపాను. గిన్నె సగానికి మించి నిండలేదు.

ఈసారి విరగడానికి పదహారు నిమిషాలు పట్టింది. ఐదో విడతలో ఐదు నిమిషాలకే వచ్చిందని అప్పుడు సంబరపడ్డాను! అంత త్వరగా వచ్చిందంటే ఏదో తేడా ఉందన్నమాట. పన్నెండో నిమిషానికి నురగ పొంగి మోటారు గొంతు బరువెక్కింది. తర్వాత ఒక్కసారిగా సద్దుమణిగి, చప్పుడు తేలికై, గిన్నె గోడ శుభ్రంగా కనపడింది. వెన్న సజ్జ గింజంత అవ్వగానే ఆపేశాను. పల్లీ గింజంత అయ్యేదాకా తిప్పితే ముద్ద లోపల సల్ల చిక్కుకుంటుంది, ఎంత కడిగినా పోదు. దించినప్పుడు 15 డిగ్రీలు. కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లతో రెండుసార్లు కడిగితే రెండోసారి నీళ్లు తేటగా వచ్చాయి. 428 గ్రాములు, చాకుతో కోస్తే గీత నిలిచింది.

అయినా అది కాకతాళీయమేమో అని అనుమానం. అందుకే నిన్న తొమ్మిదో విడతలో అన్నీ అలాగే ఉంచి, ఫ్రిజ్ ఎనిమిది గంటలు మాత్రం తీసేసి ఐసు నలభై నిమిషాలు పెట్టాను. ఏడు నిమిషాల్లో విరిగింది, మళ్లీ జిడ్డు, మళ్లీ చిక్కటి సల్ల, 351. సన్నటి నిటారు గ్లాసులో రెండు విడతల సల్లనూ పక్కపక్కన పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను (ఎనిమిదోది ఒక సీసా దాచి ఉంచాను). పొద్దున స్కేలుతో కొలిస్తే పది సెంటీమీటర్ల సల్ల మీద ఎనిమిదోదానికి మూడు మిల్లీమీటర్ల తెట్టు, తొమ్మిదోదానికి పదకొండు. ఇక నాకు అనుమానం లేదు.

అత్తమ్మకు చెప్పాను. ఆమె నవ్వి, "మేం మీగడ చిలికినమా బిడ్డా, కుండెడు పెరుగు చిలికినం" అంది. నిజమే. ఆమె కాలంలో చిలికింది పెరుగు. రాత్రంతా మట్టి కుండలో ఉండేది, ఎండాకాలం చన్నీళ్లు, చలికాలం కొద్దిగా వేడి నీళ్లు పోసి చేత్తో సరిచేసేవాళ్లు. వెన్న మెత్తగానే వచ్చేది, అదే రోజు నెయ్యికి పోయేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. రొట్టె మీద గట్టిగా నిలిచే వెన్న కావాలన్నది నా పిచ్చి.

సామాను గురించి అడిగేవాళ్లకు: మిక్సీ జార్ నాకు నచ్చదు. బ్లేడు కోస్తుంది, రెండు నిమిషాల్లో వేడెక్కుతుంది. చెక్క రెక్కల మోటారు కవ్వమే మేలు. పెట్టెల్లో అమ్మే 25 శాతం కొవ్వు క్రీముతో ఒకసారి ప్రయత్నించి మానుకున్నాను. మీగడను డీప్ ఫ్రీజర్‌లో దాచడం కూడా మానేశాను, కరిగాక నూనె విడిపోతోంది. నాకు తప్పనిసరి అనిపించేది థర్మామీటరు ఒక్కటే, పొడుగు సూది ఉన్న రకం, నడిమధ్యలో గుచ్చడానికి.

సల్ల అదిరింది. జొన్నరొట్టె, సల్ల చారు, అంతే.

తర్వాతిది ఆవు మీగడ. ఆవు వెన్న బర్రె వెన్న కన్నా మెత్తన కాబట్టి 10 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 13 లోపల ఆపాలనుకుంటున్నాను. ఫ్రిజ్‌లో ఎనిమిది గంటలు అవసరమా, నాలుగు చాలా అన్నది కూడా తేల్చాలి. 900 గ్రాములను రెండు సగాలు చేసి, ఒకటి నాలుగు గంటలకు, ఇంకోటి ఎనిమిదికి తీస్తే ఒకే రోజులో తెలిసిపోతుంది. మీగడ డబ్బా ఇవాళ్టికి మూడో రోజు. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి కరెంటు ఉండదని మెసేజ్ వచ్చింది, కాబట్టి చిలికేది శనివారం సాయంత్రమే.